నియాసినమైడ్ సీరం: పోర్స్ సంగతి, మచ్చల సంగతి, మొదలుపెట్టే తీరు

నియాసినమైడ్ అంటే విటమిన్ బి3లో ఒక రకం. అది రాస్తే ముఖం మీది పోర్స్, అంటే సన్న రంధ్రాలు, చిన్నవి కావు. జిడ్డు తగ్గడం వల్ల కొంచెం తక్కువగా కనిపిస్తాయి, అంతే. మొటిమ మానాక మిగిలే గోధుమరంగు మచ్చలు మాత్రం నిజంగానే పలచబడతాయి. అందుకు నెలలు పడుతుంది, ఎండను ఆపకపోతే అదీ జరగదు.

నల్గొండలో మందుల షాపు కౌంటర్ వెనక ఉండే నన్ను ఈ సీరం గురించి అడగని రోజు ఉండదు. మా చిన్నాన్న బిడ్డ మిర్యాలగూడలో డిగ్రీ చదువుతోంది. ఆమెకు ఈ సీరం మొదటి చుక్క నుంచి నేనే దగ్గరుండి వాడించాను, ముక్కు మీది జిడ్డుకు నేనూ వాడాను. ఏ వరసలో చేశామో, ఎక్కడ తేడా వచ్చిందో రాస్తున్నాను.

సీసా కొనేముందు మచ్చలను వేరుచేసి చూడాలి. పొద్దున కిటికీ దగ్గర, ముఖం కడిగి తుడుచుకున్నాక చూస్తే తెలుస్తుంది. బాత్రూం లైటు కింద అన్నీ ఒకే రంగులో ఉంటాయి. చెల్లె కుడి చెంప మీద మొటిమలు మానినచోట గోధుమరంగు చుక్కలున్నాయి. దవడ దగ్గర రెండు మచ్చలు ఎర్రగా ఉన్నాయి. పలుచని గాజు గ్లాసు అడుగుతో మెల్లగా నొక్కితే ఆ ఎరుపు ఒక్క క్షణం పోయి మళ్ళీ వచ్చింది. అంటే అక్కడ కనిపిస్తున్నది రంగు కాదు, వెడల్పైన సన్నటి రక్తనాళాలు. గోధుమ మచ్చ ఎంత నొక్కినా పోదు. ఇక కణత దగ్గర ఫోన్ టార్చ్ పక్కనుంచి వేస్తే నీడ పడే చిన్న గుంతలు రెండున్నాయి.

ఈ మూడింట్లో సీరం పనిచేసేది ముఖ్యంగా మొదటిదానికే. ఎర్రవి చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, నియాసినమైడ్ కొంత తోడ్పడొచ్చు. గుంతలకు ఏ సీరం పనిచేయదు. అక్కడ చర్మం లోపలి కండే తగ్గిపోయింది, దాన్ని నింపాలంటే స్కిన్ డాక్టర్ చేసే పనులు వేరే ఉన్నాయి. ఇది ముందే చెప్పకపోతే మూడు నెలల తర్వాత "అక్కా, ఏం పోలేదు" అంటారు. గుంతను మచ్చ అనుకుని చూసుకుంటుంటారు మరి.

చెల్లె నుదుటి మీద ఇంకొకటి కూడా ఉంది. అన్నీ ఒకే సైజులో ఉన్న సన్న పొక్కులు, చెమట పడితే దురద. రాత్రి తలకు నూనె దట్టంగా పెట్టుకుని పడుకునే అలవాటున్నవాళ్ళలో ఇవి ఎక్కువగా చూస్తాం. నూనెకు రంధ్రాలు పూడినా వస్తాయి, చర్మం మీదుండే ఒక రకం ఫంగస్ పెరిగినా వస్తాయి. ఇవి సీరంతో పోయే పొక్కులు కావు. నూనె తగ్గించి, తలస్నానం పెంచి, అప్పటికీ తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి. రెండు చెంపల మీదా ఒకేలా పరుచుకున్న మంగు కూడా వేరే సంగతి. అది ఎండకు, హార్మోన్లకు సంబంధించింది, సొంత వైద్యంతో ఆగదు.

గోధుమ మచ్చ మీద ఇది ఏం చేస్తుందో తెలిస్తే తొందర కొంత తగ్గుతుంది. మొటిమ వాచినప్పుడు ఆ చోట రంగు తయారుచేసే కణాలు రెచ్చిపోయి మెలనిన్ అనే రంగును ఎక్కువగా చేస్తాయి. అది చిన్న చిన్న పొట్లాలుగా చుట్టుపక్కల చర్మకణాల్లోకి చేరుతుంది. నియాసినమైడ్ రంగు తయారీని ఆపదు, ఆ పొట్లాలు పక్క కణంలోకి దాటడాన్ని తగ్గిస్తుంది. 2002లో వెలువడిన ప్రాక్టర్ అండ్ గాంబుల్ వాళ్ళ పరిశోధనలో ఈ సంగతి బయటపడింది. అందులోనే 5 శాతం క్రీం ముఖానికి ఒకవైపు రాసి చూస్తే, 4 వారాలకు మచ్చల్లో కొలవదగ్గ తేడా వచ్చింది. కొలిచింది ఫోటోలు తీసి కంప్యూటర్‌తో. అద్దంలో మన కంటికి తెలియాలంటే 8 నుంచి 12 వారాలు అనుకోవాలి. ఎందుకంటే ఇప్పటికే రంగు నిండిన కణాలు అలాగే ఉంటాయి. అవి పైకి వచ్చి రాలిపోయి, కింది నుంచి తక్కువ రంగుతో కొత్తవి రావాలి. ఆ చక్రానికి నెల పైనే పడుతుంది, వయసు పెరిగినకొద్దీ ఇంకా ఎక్కువ. మచ్చ బూడిదరంగులోనో నీలిఛాయలోనో ఉంటే రంగు లోతుకు దిగినట్టు. దానిమీద నియాసినమైడ్ ప్రభావం చాలా తక్కువ. పైగా రాయడం మానేస్తే ఆ పొట్లాల రవాణా మళ్ళీ మామూలవుతుంది. చేసిన పరీక్షల్లో చాలా భాగం క్రీములు అమ్మే కంపెనీలవేనన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఫలితం ఉంది, కానీ మోస్తరుగా ఉంది. ప్రకటనలో చూపించినంత కాదు.

ఇక పోర్స్. పోర్ అంటే వెంట్రుక, నూనె గ్రంథి కలిసి బయటికి తెరుచుకునే చోటు. దాని చుట్టూ బిగించడానికి, వదలడానికి కండరం లేదు. కాబట్టి ఆవిరి పడితే తెరుచుకోవు, ఐసుగడ్డ పెడితే మూసుకోవు. అది పెద్దగా కనిపించడానికి కారణాలు మూడు: నూనె ఎక్కువ రావడం, లోపల జిడ్డూ మృతకణాలూ ముద్దగా చేరి అంచుల్ని సాగదీయడం, వయసుకో ఎండకో చుట్టూ ఉన్న చర్మం వదులవడం. పుట్టుకతో వచ్చిన సైజు ఎలాగూ ఉంది. నియాసినమైడ్ పనిచేసేది మొదటిదాని మీద. 2006లో అచ్చయిన ఒక పరీక్షలో 2 శాతం నియాసినమైడ్ వాడిన జపాన్ వాళ్ళలో 2 నుంచి 4 వారాల్లో నూనె ఊరే వేగం తగ్గింది. అమెరికా తెల్లవాళ్ళలో మాత్రం వేగం అంత తగ్గలేదు, ముఖం మీద నిలిచే నూనె 6 వారాలకు తగ్గింది. అంటే అందరి చర్మం ఒకేలా స్పందించదు.

నా ముక్కు మీద జరిగిందీ అదే తీరులో. మధ్యాహ్నానికి మెరిసే జిడ్డు తగ్గింది. మెరుపు లేకపోతే రంధ్రాల నీడ తక్కువగా పడుతుంది కాబట్టి చేయి చాచిన దూరంలో చూస్తే ముక్కు నున్నగా ఉంది. అద్దానికి ముఖం ఆనించి చూస్తే రంధ్రాలు ఎక్కడివి అక్కడే, అంతే సైజులో. ముక్కు మీది బూడిదరంగు చుక్కల్ని చాలామంది బ్లాక్‌హెడ్స్ అనుకుని గిల్లుతారు. నొక్కితే పాలరంగు సన్నదారం లాంటిది వస్తుంది. అది ప్రతి పోర్‌లోనూ మామూలుగా ఉండేదే. తీసేసినా కొన్ని వారాల్లో మళ్ళీ నిండుతుంది, గిల్లిన గోరు మచ్చ మాత్రం నెలలు ఉంటుంది. లోపలి ముద్దను కరిగించేది శాలిసిలిక్ యాసిడ్. నిజంగా రంధ్రం అంచులు కాస్త మెరుగవ్వాలంటే అడాపలీన్ లాంటి రెటినాయిడ్, అంటే విటమిన్ ఏ రకం మందు, నెలల తరబడి, డాక్టర్ సలహాతో వాడాలి. నియాసినమైడ్ ఆ రెండింటి పనీ చేయదు.

కొనేటప్పుడు 5 శాతం చూసి కొనమంటాను. మచ్చల మీద చేసిన పరీక్షలు ఎక్కువగా 2 నుంచి 5 శాతంతోనే. అంగట్లో ఎక్కువగా అమ్ముడుపోయేది మాత్రం 10 శాతం. 10 శాతం వాడితే ఫలితం రెట్టింపు కాదు, మంట వచ్చే అవకాశం మాత్రం పెరుగుతుంది. 10 శాతమే దొరికితే, ముందు కాస్త మాయిశ్చరైజర్ రాసి దానిమీద వేయడమో, మూడు రాత్రులకొకసారి వేయడమో చేయొచ్చు.

శాతం రాయని సీసాలు కూడా ఉంటాయి. వెనక పదార్థాల పట్టీ చూడండి. ఎక్కువున్నవి ముందు, తక్కువున్నవి తర్వాత రాస్తారు, 1 శాతం లోపువి ఏ వరసలోనైనా రాయొచ్చు. అందులో ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ సాధారణంగా ఉంటుంది. దాన్ని 1 శాతం మించి వేయడానికి లేదు. కాబట్టి నియాసినమైడ్ దాని తర్వాత వస్తే, ముందు అట్ట మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, లోపల ఉన్నది 1 శాతం లోపే. మంచి సీసాలో అది నీళ్ళ తర్వాత రెండో మూడో పేరుగా ఉంటుంది. సువాసన కలిపినవి వద్దు.

సీరం మొదలుపెట్టేముందు నేను కౌంటర్ దగ్గర తప్పకుండా అడిగేది ఒకటుంది: ఇంతకుముందు ముఖానికి ఏ ట్యూబు రాశారు? దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒకామె "తెల్లగైతదని ఎవరో చెప్తే ఏడాది సంది రాస్తున్న, ఇప్పుడు ఆపితే మండుతుంది" అని ట్యూబు చూపించింది. దానిమీద మొమెటాసోన్ అని ఉంది. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్, ఇవన్నీ స్టెరాయిడ్లు. ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా చేతులు మారుతూనే ఉన్నాయి. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడి, సన్నటి ఎర్ర నరాలు తేలి, ఎండలోకి పోతే మంట, ఆపితే ఎర్రగా పొంగడం, గుంపులుగా పొక్కులు, సన్న వెంట్రుకలు. అలాంటి ముఖం మీద నియాసినమైడ్ వేసినా మండుతుంది, అప్పుడు తప్పు సీరందే అనుకుంటారు. ఆమెకు సీరం ఇవ్వలేదు, ఆ ట్యూబు చేతిలోనే పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి పొమ్మన్నాను. ఇలాంటిది ఉన్నపళంగా ఆపాలా, మెల్లగా తగ్గించాలా అన్నది డాక్టరే చెప్పాలి.

చెల్లెకు ఆ బాధ లేదు. మోచేతి మడత లోపలివైపు రూపాయి బిళ్ళంత చోట ఒక చుక్క, పొద్దునా రాత్రీ, వారం పాటు రాయించాను. ఒక్కసారి రాసి మర్నాడు చూస్తే చాలదు, అలర్జీ చాలాసార్లు రెండు మూడు రోజుల తర్వాతే బయటపడుతుంది. దురద, గరుకు, ఎరుపు ఏదీ రాకపోయాక చెవి కింద దవడ మూలన రెండు రాత్రులు. అప్పుడు ముఖానికి.

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, రాత్రిపూట మాత్రమే. ముఖం కడిగి, మెత్తటి బట్టతో అద్ది, తడి ఆరాక మూడు చుక్కలు అరచేతిలో వేసుకుని, వేళ్ళతో నుదురు, చెంపలు, గడ్డం మీద అద్దాలి. రుద్దొద్దు. కనురెప్పలు, ముక్కు పక్క మడతలు, పెదవి మూలలు వదిలేయాలి, ముందు మండేది అక్కడే. మచ్చ మీద ఒక్కటే చుక్క పెట్టడం కన్నా ముఖమంతా పలుచగా వేయడం మేలు, రాబోయే మొటిమ ఎక్కడ మచ్చ వదులుతుందో మనకు ముందే తెలియదు కదా. రెండు నిమిషాలు ఆగి మాయిశ్చరైజర్. డ్రాపర్‌తో దాదాపు 20 చుక్కలు ఒక మిల్లీలీటర్ అవుతాయి, అంటే 30 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 600 చుక్కలు. రోజుకు మూడు వాడితే ఆరు నెలలు దాటుతుంది. నెలకే సీసా ఖాళీ అయిందంటే పోసుకుంటున్నట్టే. తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో సీసా వెనక చిన్న డబ్బా బొమ్మలో అంకె ఉంటుంది, అది చూసుకోండి. మూడో వారం నుంచి రోజూ రాత్రి. ఆ తర్వాత కూడా ఇబ్బంది లేకపోతే పొద్దున ఇంకోసారి వేసుకోవచ్చు, కానీ చెల్లెకు ఆ అవసరం పడలేదు.

రోజూ వేయడం మొదలయ్యాక ఫోన్ వచ్చింది. "అక్కా, మొఖమంతా గుంజుతుంది, రాస్తే చురుక్కుమంటుంది." సీరం గురించి అడగకుండా ముఖం దేనితో కడుగుతోందో అడిగాను. హాస్టల్లో బోరు నీళ్ళు, ఒంటికి వాడే సబ్బే ముఖానికీ. పైగా రూమ్మేట్ ఇచ్చిన శాలిసిలిక్ ఫేస్‌వాష్ రోజుకు రెండుసార్లు. మన దిక్కు బోరు నీళ్ళు చాలాచోట్ల గట్టినీళ్ళు. వాటిలో సబ్బు నురగ రాదు, నీళ్ళలోని కాల్షియంతో కలిసి కడిగినా పోని తెల్లటి పొరలా చర్మం మీద మిగులుతుంది. సబ్బు క్షారగుణంతో చర్మం పైపొర దెబ్బతింటుంది. దెబ్బతిన్న పొర మీద ఏది రాసినా చురుక్కుమంటుంది. వారం రోజులు సీరం ఆపించి, సబ్బూ ఆ ఫేస్‌వాషూ పక్కన పెట్టించి, సబ్బు కాని మెత్తటి క్లెన్సర్ రాత్రి ఒక్కసారి, పొద్దున ఉత్త నీళ్ళు, రెండుపూటలా మాయిశ్చరైజర్. గుంజడం పోయాక మళ్ళీ రోజు విడిచి రోజుతో మొదలుపెడితే ఏమీ కాలేదు.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. రాసిన వెంటనే ఒకట్రెండు నిమిషాలు సన్నగా చిమచిమలాడి ఆగిపోతే, మొదట్లో పరవాలేదు. పది నిమిషాలు దాటినా మండుతుంటే, ఎర్రగా పొంగితే, మర్నాటికి దురద, పొట్టు వస్తే కడిగేసి ఆపాలి. రెప్పలు వాచినా, దద్దుర్లు పాకినా అది అలర్జీ, మళ్ళీ ప్రయత్నించొద్దు. రాసిన కొద్దిసేపటికి వేడిగా, ఎర్రగా అయి గంటలో తగ్గిపోతే నియాసినమైడ్‌లో కొంత నికోటినిక్ యాసిడ్ ఉండి ఉండొచ్చు. పాతబడ్డ, లేదా బాగా ఆమ్లగుణమున్న సీరంలో అలా మారుతుంది. సీసా మార్చాలి. కొత్తగా మొటిమలు వస్తే "లోపలున్న చెత్త బయటికొస్తుంది, రానీ" అని కొందరు అంటుంటారు. రెటినాయిడ్లకు, యాసిడ్లకు ఆ మాట కొంత వర్తిస్తుంది, అవి కణాలు రాలే వేగాన్ని పెంచుతాయి గనక. నియాసినమైడ్ ఆ పని చేయదు. పొక్కులు పెరుగుతున్నాయంటే సీరంలోని ఇంకేదో పడలేదనో, వేరే కారణం ఉందనో అర్థం.

విటమిన్ సీతో కలపకూడదన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. రెండూ కలిస్తే నియాసినమైడ్ మారిపోతుందన్నది పాతకాలం ప్రయోగాల్లో, మన ముఖం మీద ఉండని వేడిలో జరిగిన సంగతి. మామూలుగా వాడితే ప్రమాదం లేదు. అయినా కొత్తవి రెండు ఒకేసారి మొదలుపెట్టొద్దంటాను, మండితే ఏది మండించిందో తెలియదు కాబట్టి.

పొద్దున సన్‌స్క్రీన్ లేకుండా రాత్రి ఎన్ని చుక్కలు వేసినా దండగే. నల్గొండలో ఏప్రిల్, మే ఎండ 44 దాటే రోజులుంటాయి. పొద్దున ఎనిమిదింటికి బస్టాండ్‌లో నిలబడితే చాలు, మచ్చలో రంగు తయారీ మళ్ళీ మొదలవుతుంది. నియాసినమైడ్ ఆపేది రవాణాను మాత్రమే గనక ఆ వరదకు తట్టుకోలేదు. ఎస్పీఎఫ్ 30కి తగ్గకుండా, చూపుడువేలు, మధ్యవేలు రెండింటి పొడవునా పిండినంత ముఖానికీ మెడకూ. చెల్లె మొదట బఠాణీ గింజంత రాసుకుంటోంది, దానితో సీసా మీద రాసిన రక్షణలో చిన్న భాగమే దక్కుతుంది. రంగు కలిపిన సన్‌స్క్రీన్‌లో ఐరన్ ఆక్సైడ్లు ఉంటాయి. మన చామనఛాయ చర్మంలో కంటికి కనిపించే వెలుగు కూడా మచ్చల్ని నల్లబరుస్తుంది, దాన్ని అవే ఆపుతాయి. బండి మీద పోయేటప్పుడు కట్టుకునే స్కార్ఫ్ మంచిదే, మందంగా ఉన్న కాటన్‌ది కట్టుకోవాలి. పలుచని చున్నీలోంచి ఎండ దిగుతుంది.

సన్‌స్క్రీన్ రాస్తుంటే రబ్బరు పొట్టులా ఉండలు ఉండలుగా లేస్తే అది మురికి కాదు, చర్మం ఊడడమూ కాదు. సీరంలోని జిగురు పదార్థం ఆరకముందే పైన సిలికాన్ ఉన్న క్రీం రుద్దితే అలా చుట్టుకుంటుంది. తక్కువ వేసి, ఆరనిచ్చి, అద్దితే పోతుంది. రాత్రి మాత్రమే సీరం వేసేవాళ్ళకు ఈ గొడవే ఉండదు.

మార్పు చూడడానికి అద్దాన్ని నమ్మొద్దు, రోజూ చూసే కంటికి తేడా తెలియదు. చెల్లె రెండు వారాలకొకసారి ఒకే కిటికీ పక్కన, ఒకే సమయంలో, ఫిల్టర్ లేకుండా, వెనక కెమెరాతో రెండు చెంపల ఫోటోలు తీసింది. నెలకు చూస్తే జిడ్డు తప్ప మచ్చల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, మొదట్లోనే ఆపేసేవాళ్ళు ఆపేది సరిగ్గా ఇక్కడే. మూడు నెలలు నిండేసరికి కుడి చెంప మీది కొత్త మచ్చలు దాదాపు కలిసిపోయాయి, ఏడాది దాటిన పాతవి పలచబడ్డాయి కానీ కనిపిస్తూనే ఉన్నాయి. దవడ దగ్గరి ఎర్రవి తగ్గాయి, అది సీరం వల్లనో కాలం వల్లనో ఫోటో చెప్పదు. కణత దగ్గరి గుంతలు టార్చ్ వేస్తే అదే నీడతో ఉన్నాయి. ఈ మధ్యలో వచ్చిన ఒక మొటిమను గిల్లింది, అక్కడ కొత్త మచ్చ.

మూడు నాలుగు నెలలు సన్‌స్క్రీన్‌తో సహా సరిగ్గా వాడినా ఫోటోల్లో తేడా లేకపోతే శాతం పెంచి ప్రయోజనం లేదు. అజెలాయిక్ యాసిడో, రెటినాయిడో చర్మం చూసి డాక్టర్ రాస్తారు. ఇంకా కొత్త మొటిమలు వస్తూనే ఉన్నవాళ్ళైతే ముందు మొటిమలకు మందు వాడాలి. చెల్లెకు ఇప్పుడు వస్తున్నవి తక్కువ కాబట్టి సీసా అయిపోయేదాకా రోజు విడిచి రోజు వాడుతోంది, గుంతల కోసం పరీక్షలయ్యాక హైదరాబాద్‌లో చూపించుకుంటానంటోంది.